పక్కవాడి ఓఎంఆర్ చూసి దిద్దడం ఎలా?

1. ముందు పక్కవాణ్ణి ఎంచుకోండి. అతను చదివాడా లేదా అన్నది అనవసరం, టకటకా దిద్దుతుంటే చాలు. గబగబా దిద్దేవాళ్లంతా తెలిసే దిద్దుతున్నారని నమ్మడమే ఈ విద్యకు పునాది.

2. బుక్‌లెట్ మీద ఎ, బి, సి, డి అని ఏదో సిరీస్ వేసి ఉంటుంది. దాన్ని అస్సలు పట్టించుకోకండి, పట్టించుకుంటే మనసు పాడవుతుంది. ఒక వరసలో ఎ, బి, ఎ, బి అనీ, వెనక వరసలో సి, డి, సి, డి అనీ పంచుకుంటూ పోతే మీ చుట్టూ ఉన్న ఎనిమిది మందిలో ఒక్కరి దగ్గరా మీ సిరీస్ ఉండదు.

పోలవరం ఏ నది మీద కడుతున్నారన్నది ఎ సిరీస్‌లో 37వ ప్రశ్న అనుకోండి, గోదావరి రెండో ఆప్షన్. బి సిరీస్ మీది. అందులో అదే ప్రశ్న 61వది. మీ 37లో దీర్ఘచతురస్రం వైశాల్యం అడిగారు, మీరు గోదావరి దిద్దారు. ప్రశ్నల వరస ఒక్కటే మారిస్తే "పోలవరానికి రెండు" అని గుసగుసలాడి గట్టెక్కేవాళ్లు. అందుకే ఆప్షన్లనూ కలిపేస్తారు. మీ దాంట్లో గోదావరి నాలుగోది.

ఇక లెక్క. పక్కవాడు నూటికి నూరు తెచ్చుకునే ఘనుడే అనుకుందాం. నాలుగు ఆప్షన్లలో అతని అంకె మీ కీతో కలిసేది అదృష్టం కొద్దీ, అంటే 100లో దాదాపు 25. ఎవరినీ చూడకుండా అన్నిటికీ ఒకే అంకె దిద్దినా ఇంచుమించు అంతే వస్తాయి, మెడనొప్పి తప్పుతుంది. తప్పుకు మూడోవంతు కోత ఉంటే 75 తప్పులకు 25 పోయి, చేతికొచ్చేది సున్నా.

3. "పైవన్నీ" అనే ఆప్షన్ ఏ సిరీస్‌లోనైనా చివరే ఉంటుంది. అది ఏ ప్రశ్న కింద ఉందో మాత్రం మీరే వెతుక్కోవాలి.

4. తెలివిగా సిరీస్ బబుల్ కూడా పక్కవాడిదే దిద్దండి. నామినల్ రోల్‌లో మీ చేత రాయించుకున్న బుక్‌లెట్ వివరాలు ఎవరు చూస్తారు?

5. దొరకనని ధీమాగా ఉండండి. మీ షీటుకు బి కీతో 24, ఎ కీతో 90 వస్తే కంప్యూటరుకు అనుమానం ఎందుకొస్తుంది? సిరీస్ ఒకటే అయినా ఇద్దరి ఒప్పులూ కలిస్తే ఎవరూ ఏమీ అనరు, చదివారనుకుంటారు. తప్పులు కలిస్తేనే చిక్కు. ఒకే ఉచ్చులో చాలామంది పడతారు కాబట్టి ఒకటి రెండు తప్పులు రుజువు కావు. ఒకే తప్పు ఆప్షన్ వరసగా పదిహేను చోట్ల కలిసి, సీటింగ్ ప్లాన్‌లో ఇద్దరూ పక్కపక్కనే ఉంటే మాత్రం సంజాయిషీ కష్టం.

6. నిజానికి ఈ చిట్కాలు ఖాళీ బుర్రతో వచ్చినవాళ్ల కోసం కాదు, చదివి వచ్చిన మనలాంటి వాళ్ల కోసం. జవాబు రెండని మనకు తెలుసు. పక్క షీటులో మూడు నల్లగా కనిపిస్తుంది, అంతే, పెన్ను ఆగిపోతుంది. మనకు తెలిసినదాన్ని వదిలి పక్కవాడి ధైర్యాన్ని నమ్ముతాం, బాల్‌పెన్‌తో దిద్దేస్తాం. అతను దిద్దింది అసలు వేరే ప్రశ్నకు.