పెళ్లిరోజు రచయిత

పాతపట్నంలో వీధికో పెళ్లిరోజు రచయిత ఉంటాడు. ఏడాది పొడవునా పెళ్లాం పిలిస్తే 'ఊఁ' అన్న ఒక్క అక్షరంతో కాపురం నెట్టుకొచ్చే ఈ మనిషి, పెళ్లిరోజు ముందురాత్రి మాత్రం ఫోను పట్టుకుని మహాకావ్యానికి కూర్చుంటాడు. మా వీధి రచయిత మాకు వరసకి బావగారు. రిటైరైన సోషల్ మాస్టారు. ఏం రాసినా కారణాలు, పరిణామాలు, ఫలితాలు ఉండాల్సిందే.

ఈ ఏటి చిత్తుప్రతి నాకు చదివి వినిపించారు. కారణాల కింద మావగారిచ్చిన కట్నం లెక్క. పరిణామాల కింద అక్క అలిగి గుణుపురం రైలెక్కి పర్లాకిమిడిలో పుట్టింటికెళ్లిపోయిన వైనం. అది పక్క స్టేషనే అయినా వర్ణన మాత్రం రెండు పేరాలు. ఫలితాల కింద అక్క వయసు, మోకాలి నొప్పికి వేసుకునే మాత్రల పేర్లు. చివర్న 'నువ్వు లేక నేను లేను'. ఫొటో చూస్తే, అక్క నైటీలో చేపలు తోముతోంది.

"సహజంగా ఉంది కదా?" అన్నారు.

అక్క ఫోను లాక్కుని చదివింది. "ఓలమ్మో! ఇది పెళ్లిరోజు ముచ్చటా, పోలీసు రిపోర్టా? నా మోకాలు నొప్పి ఊరందరికీ ఎందుకండీ? ముంగిట్లో జరిగింది రాయండి, గదిలో జరిగింది వదిలీండి."

కట్నం కొట్టేసింది, జవాబు చెప్పడానికి వాళ్ల నాన్న లేడు కాబట్టి. అలక కొట్టేసింది, చదివినోళ్లు రెండు పార్టీలైపోతారని. మాత్రలు తీసేసింది, లేకపోతే తెల్లారేసరికి తలో కషాయం చెబుతారు. 'సాయంత్రం ఇంటికి తాళమేసి ఇద్దరం సినిమాకి' అన్న వాక్యం దగ్గర ఆగి, "దొంగలకి శుభలేఖా?" అంది. 'నువ్వు లేక నేను లేను' అన్నదీ ఉంచలేదు. "ఇది ఎవుల పెళ్లానికైనా అతికీస్తాది."

ఇక మిగిలిందేమీ లేదు. బావగారు చాలాసేపు బుర్ర గోక్కుని మళ్లీ రాశారు:

"నీలమణి దుర్గమ్మ గుడికెళితే నా చెప్పులు ఎక్కడ విడిచానో నాకు గుర్తుండదు. ఈవిడకి గుర్తుంటుంది. ఇన్నేళ్లలో ఒక్కసారీ ఉత్తికాళ్లతో ఇల్లు చేరలేదంటే ఈవిడ చలవే. పెళ్లిరోజు శుభాకాంక్షలు."

ఫొటో అక్కే ఎంచింది, గుడి ముందు ఇద్దరూ నిలబడి తీయించుకున్నది. 'పబ్లిక్' తీసి 'ఫ్రెండ్స్' పెట్టించింది. సినిమా నుంచి వచ్చాకే పోస్టు చేయనిచ్చింది. అందులో ఊరికి తెలియని సంగతి ఒక్కటీ లేదు. అయినా అది అక్క గురించి తప్ప ఇంకెవరి గురించీ కాదు.

కాబట్టి పెళ్లిరోజు రచయితలారా, పోస్టు పెట్టేముందు ఫోను ఒక్కసారి ఆవిడ చేతికివ్వండి. చదివి నవ్వితే పెట్టండి. కళ్లజోడు సర్దుకుని మళ్లీ మొదటినుంచి చదవడం మొదలెడితే, మీరే చెరిపేయండి.