త్రివిక్రముని పాదము

మా బావమరిది కాకినాడనుండి పంపిన ఛాయాచిత్రములు మూడు. మొదటిది పాదము, రెండవది తల్లి, మూడవది తండ్రి యని చెప్పబడిన మహానుభావుడు. మా వీథిలో రెండిండ్ల మోటారు పంపులు రాత్రికి రాత్రి మాయమైన పిమ్మట, చూచినంతమాత్రమున దొంగ గుండె జారిపోవునట్టి కుక్క యొకటి మా యింట నుండవలెనని నేను పట్టుపట్టియుంటిని గనుక, ఆ మూడు చిత్రములను ముందిడుకొని, జాతకచక్రమును పరిశీలించు సిద్ధాంతివలె కళ్లజోడు తుడుచుకొని కూర్చుంటిని.

నలువది దినముల పిల్లయొక్క ముందరి పాదమును, దాని వెనుక నొక అగ్గిపెట్టెను ఉంచి మావాడు ఫొటో తీసినాడు. పాదము అగ్గిపెట్టెను రమారమి కప్పివేయుచుండెను. "బావా, పాదం చూశావా? పునాది చూస్తే ఎన్ని అంతస్తులో తెలియదూ?" అని వాడు ఫోనులో అన్న మాట నాకు వేదవాక్యమైనది. మూడంతస్తులకు పునాది తీసి, డబ్బు చాలక, పైన రేకులు వేసికొని సరిపెట్టుకొన్నవారు మా వీథిలోనే ఇద్దరున్నారన్న సంగతి ఆ క్షణమున నాకు స్ఫురింపలేదు.

తండ్రి ఆల్సేషియన్. అరుగుమీద నిలుచుండగా, క్రింద నిలిచిన పిల్లవాని నెత్తికి పైగా దాని చెవులు కనబడుచుండెను. తల్లి లాబ్రడార్ సంకరము. ఆరు పిల్లలకు పాలిచ్చుచు పడుకొనియుండెను. పడుకొన్న ప్రాణి ఎత్తును కనిపెట్టగల శాస్త్రము ఏదియు లేకపోయినను నేను వెనుదీయలేదు. తల్లి ఇరువదియైదు కిలోలు, తండ్రి ముప్పదియైదు, సగటు ముప్పది, పాదవిశేషమునకు మరియొక ఐదు, వెరసి ముప్పదియైదు కిలోలని కాగితముమీద లెక్క వేసి, క్రింద గీత గీసి, పిల్లకు త్రివిక్రముడని నామకరణము చేసితిని. వడ్రంగిచేత నాలుగడుగుల టేకు గూడు చేయించితిని. 24 అంగుళముల తోలు బెల్టును, బావిలోని చేద నెత్తుటకు చాలునట్టి గొలుసును కొంటిని. గేటుకు "కుక్క ఉన్నది జాగ్రత్త" అను బోర్డు తగిలించితిని.

"ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మీ వరస," అని మా ఆవిడ అన్నది. ఆ సామెత అంతటి అక్షరసత్యమగునని ఆమెయు అనుకొనియుండదు.

త్రివిక్రముడు విచ్చేసెను. మొదటి నెల ఆకలియు, రెండవ నెల ఆకలియు చూచి, "ఇది పెరుగు లక్షణమే" యని మురిసితిమి. పెరుగుటయు పెరిగెను; అయితే ఆ పెరుగుదల ఊర్ధ్వముఖముగా గాక తూర్పు పడమరలుగా సాగుచుండుటను నేను కొన్నాళ్లు గమనింపలేదు. గమనించిన వెనుకను, "కొన్ని పిల్లలు ముందు పొడవు సాగి తరువాత ఎత్తెదుగును" అని నాకు నేనే యొక సిద్ధాంతమును కల్పించుకొని, ఊరడిల్లితిని.

సరిగా పదునారు వారముల వయస్సున టీకాకై తీసికొనిపోయినప్పుడు, పశువైద్యుడు దానిని తూకపు బల్లమీద నిలువబెట్టెను. ఏడు కిలోలు. ఆ వయస్సునకు ఆల్సేషియన్ పిల్ల ఇంచుమించు దానికి రెట్టింపు తూగును.

"పూర్తిగా ఎదిగితే ఎంతవుతుందండీ?" అని అడిగితిని.

"ఇందుకు రెట్టింపు, మాస్టారూ. పద్నాలుగు, మహా అయితే ఒక కిలో అటూ ఇటూ."

మధ్యరకపు కుక్క నాలుగవ నెలకు తన కడపటి బరువులో సగము తూగుననియు, చిన్నజాతులు అంతకు ముందే సగమునకు వచ్చుననియు, మహాకాయములైన జాతులకు మాత్రము ఐదారు నెలలు పట్టుననియు ఆయన చెప్పెను. నేను తొట్రుపడుచు, జేబులోని ఫోను తీసి పాదము చిత్రమును చూపించితిని. ఆయన చిత్రము వంక చూడక, పిల్ల ముంజేతిని పట్టుకొని, మోచేతినుండి మణికట్టువరకు వ్రేలితో గీచి చూపెను. ఆ దూరము నా చూపుడు వ్రేలంత లేదు. ఎముక లోపలివైపునకు స్వల్పముగా వంగియుండెను. పాదములు రెండును నాట్యాచార్యుని పాదములవలె బయటికి తిరిగియుండెను. "పాదం చూసి ఎముక లావు చెప్పొచ్చు మాస్టారూ, కాలి పొడుగు చెప్పలేం. ఇది డాక్స్‌హుండు కాలు," అని ఆయన అన్నప్పుడు నా చెవులలో వడ్రంగి బిల్లు మ్రోగెను.

తండ్రి ఆల్సేషియన్ గదా, డాక్స్‌హుండు ఎచటినుండి వచ్చెనని మావానిని నిలదీయగా, వాడు నసిగి నసిగి, ఆ తల్లికుక్క యజమాని ఎదురింట నొక డాక్స్‌హుండు కలదనియు, ఆ దినములలో గేటు తెరచి యుండెడిదనియు, ఆరు పిల్లలలో నాలుగు పొడుగు కాళ్లవి, రెండు పొట్టివి యనియు ఒప్పుకొనెను. ఎదకు వచ్చిన కుక్క కొన్ని దినములపాటు ఒకటికి మించిన మగకుక్కలతో కూడగలదు. అందుచే ఒకే ఈతలోని పిల్లలకు వేర్వేరు తండ్రులుండుట అసాధ్యము కాదు. కనుక తండ్రి చిత్రము అబద్ధము కాదు. నాలుగింటికి అది నిజమే. నాకు వచ్చినది ఐదవదో ఆరవదో. పొట్టి డాక్స్‌హుండు అంత యెత్తు తల్లిని ఎట్లు చేరుకొనెనను సందేహము కలిగినవారు, తండ్రి చిత్రములోని అరుగును మరియొకసారి స్మరింతురు గాక.

ఈ పొట్టికాళ్ల రహస్యమును 2009లో శాస్త్రజ్ఞులు బయటపెట్టిరి: డాక్స్‌హుండు, బాసెట్, కోర్గీ మొదలగు జాతులలో ఎఫ్‌జీఎఫ్4 అను జన్యువు తన స్థానమున నుండగానే, దాని నకలు మరియొకటి వేరొకచోట చేరియుండును, దానివలన కాలి ఎముకల చివరనున్న మృదులాస్థి పెరుగుదల ముందుగానే నిలిచిపోవును. ఒక్క తండ్రి వైపునుండి వచ్చినను ఆ నకలు చాలును. మొండెము, తల, పాదము తమ దారిని తాము పెరుగుచునే యుండును. అనగా, అంత కాలిమీద ఇంత పాదము కనబడుట పొట్టిదనమునకే గుర్తు కావచ్చును గాని, మహాకాయమునకు హామీ కానేరదు.

పోనీ, అగ్గిపెట్టె సంగతి యేమి? అదియు బావమరిది చలవయే. వాడు ఫోనును పాదమునకు జానెడు దూరమున పెట్టి, అగ్గిపెట్టెను రెండు జానల వెనుక పెట్టెను. దగ్గరిది పెద్దదిగను దూరపుది చిన్నదిగను కనబడుననునది, బొటనవ్రేలిని కంటియెదుట పెట్టుకొని చార్మినారును మరుగుపరచిన ప్రతి బాలునికిని తెలిసిన విషయము. ముప్పది యేండ్లు లెక్కలు చెప్పిన నాకు మాత్రము తట్టలేదు. తాను మోసము చేయలేదనియు, "బాగా కనబడాలని" అట్లు తీసితిననియు వాడు ఇప్పటికిని వాదించుచున్నాడు.

ప్రస్తుతము త్రివిక్రముడు రెండేండ్లవాడు. బరువు పదునాలుగు కిలోలు, భుజముకడ ఎత్తు పండ్రెండు అంగుళములు. ఆ పాదములు మాత్రము నాడు చూచినంత ఘనముగనే యున్నవి. వాన వెలిసిన పిమ్మట వరండాలో వాని అడుగుజాడలను మాత్రమే చూచినవారు, లోపల పులియున్నదని భ్రమపడి గేటుకడనే నిలిచిపోవుదురు. మా ఆవిడ వానిని మొదటి నెలనుండియే వామనుడని పిలుచుచున్నది. వాడు ఆ పేరునకే పలుకును. గొంతు తల్లిది, చీకటిలో దొంగకు ఎత్తు కనబడదు గనుక, మోటారు భద్రముగనే యున్నది.

నాలుగడుగుల గూటిలో వామనుడు ఒక మూల పరుండగా, మిగిలిన మూడు మూలలలో కొబ్బరికాయలు పోసికొన్నాము. 24 అంగుళముల తోలు బెల్టు మాత్రము, ఒకనాడును వాడనిది, కొట్టు గదిలో చీలకు వ్రేలాడుచున్నది. పెద్దకుక్క గలవారెవరైనను ఉచితముగా తీసికొనిపోవచ్చును. కాని దయచేసి పాదము ఫొటో పంపవద్దు, కుక్కను వెంటబెట్టుకొని రండి.