డబ్బా ఘనం, రేకు పిండి

రాజమండ్రి చుట్టుపక్కల చిన్న తినుబండారాల వ్యాపారం పెట్టేవాడికి ఈ మధ్య సరుకు కంటే సలహా ముందు దొరుకుతోంది. రేకులు తీసే ఆడవాళ్లను ఆత్రేయపురంలో మాట్లాడుకుని, మంచి నెయ్యి ఎక్కడ దొరుకుతుందో వాకబు చేస్తూ ఉండగానే బ్రాండింగ్ గురువుగారు ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని దిగిపోతారు. "కస్టమర్ కొనేది పూతరేకు కాదండీ, ప్యాకింగ్" అని మొదలెడతారు. ఆయన మాట నమ్మినవాళ్ల డబ్బాలు రావులపాలెం హైవే కొట్లలో చూడొచ్చు. ఆయన అన్నట్టే కస్టమర్ ప్యాకింగే కొంటాడు. హైదరాబాదు వెళ్లి మూత తీస్తే లోపల ఉండేది తియ్యటి పొడి.

గురువుగారి డబ్బా ఎలా ఉంటుందో చెప్పాలి. పైన గోదారి, దాని మీద రైలు వంతెన, రెండు కొబ్బరి చెట్లు, అస్తమించే సూర్యుడు, ఓ మూల గుర్రం మీద కాటన్ దొర. "షెల్ఫ్ మీద ఇట్టే కనబడిపోతుంది" అంటారు. కనబడును గానీ, పక్క బ్రాండు వాడూ వేరే గురువుగారి చేత అదే గోదారి, అదే వంతెన వేయించుకున్నాడు. ఆ పక్కవాడూ అంతే. అరలో ఉన్న డబ్బాలన్నింటి మీదా సూర్యుడు అస్తమిస్తుంటే, కొనేవాడు చివరికి చేతికి దగ్గరగా ఉన్నది తీసుకుని పోతాడు.

ఇంతకంటే పెద్ద చోద్యం ఇంకోటుంది. పది రేకుల డబ్బా బల్లపరుపుగా ఉంటుంది. గురువుగారు దాన్ని తెర మీద నిలబెట్టి చూపిస్తారు. కొట్టాయన నిలబెట్టడు. నిలబెడితే రేకులన్నీ ఓ పక్కకు జారి, బరువు కింది వరుస మీద పడి నలిగిపోతాయి. పైగా అంత చోటు ఎవరిస్తారు? అందుకని పదింటిని ఒకదాని మీద ఒకటి పేరుస్తాడు. అప్పుడు జనానికి కనబడేది పైమూత కాదు, రెండంగుళాల పక్క అంచు. ఆ అంచు మీద గురువుగారు ఏం వేశారు? బార్‌కోడ్. వంతెన, సూర్యుడు, కాటన్ దొర అందరూ పై డబ్బా బరువు కింద చీకట్లో పడుకుని ఉంటారు. నాలుగు అంచుల మీదా బ్రాండు పేరు, బెల్లమా పంచదారా అన్న మాట లావు అక్షరాల్లో వేసి ఉంటే సరిపోయేది. డిజైను ఒప్పుకునే ముందు నమూనా డబ్బాలు నాలుగు కొట్టులో పేర్చి, గల్లాపెట్టె దగ్గర నిలబడి చదవగలమో లేదో చూసుకోవాలి. దానికి ల్యాప్‌టాప్ అక్కర్లేదు కాబట్టి గురువుగారి ఫీజులో ఆ పని లేదు.

ఇక డబ్బా మీది రాతలు. "100 శాతం స్వచ్ఛం", "అమ్మమ్మ చేతి రుచి", "షుగర్‌లెస్ బెల్లం పూతరేకులు." ఈ మూడోది చదివినప్పుడల్లా నాకు చేతులెత్తి దణ్ణం పెట్టాలనిపిస్తుంది. నిబంధన ప్రకారం షుగర్ ఫ్రీ అనాలంటే వంద గ్రాముల్లో చక్కెరలు అర గ్రాముకు మించకూడదు. బెల్లంలో ఉన్నది చాలావరకు చక్కెరే. మధుమేహం ఉన్న పెద్దాయన ఆ ముక్క నమ్మి రెండు రేకులు ఎక్కువ లాగిస్తే ఆ పాపం ఎవరి ఖాతాలో వేయాలి? "100 శాతం" అన్న మాట లేబుళ్ల మీద వద్దని ఆహార భద్రతా సంస్థ 2025 మేలో కంపెనీలకు సూచించింది కూడా. పద్నాలుగు అంకెల లైసెన్సు నంబరు పక్కన "ప్రభుత్వ ఆమోదం పొందిన రుచి" అన్నట్టు రాసుకునేవాళ్లున్నారు. ఆ నంబరు వ్యాపారం నమోదైందని చెబుతుంది, రుచికి మార్కులు వేయదు.

ఆత్రేయపురం పేరుకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సర్ ఆర్థర్ కాటన్ పేరున ఉన్న అక్కడి తయారీదారుల సంఘం దాన్ని సాధించుకుంది. అంటే ఆ పేరు డబ్బా మీద అలంకారానికి వేసుకునేది కాదు, దానికి హక్కుదారులున్నారు. అయినా ఎక్కడో చుట్టిన రేకులకు ఆ ఊరి పేరు తగిలించమని సలహా ఇచ్చే గురువులకు కొదవ లేదు.

చట్టం అడిగే వివరాలన్నీ వెనక్కి పోతాయి. ముందు బొమ్మలో జీడిపప్పు, పిస్తా, కుంకుమపువ్వు గుట్టలుగా పోసి ఉంటాయి. వెనక పదార్థాల జాబితా బరువు ప్రకారం, ఎక్కువ ఉన్నది ముందు రాయాలి. అక్కడ ఆ గుట్టలన్నీ చివరి వరసలో చీమంత అక్షరాల్లో నిలబడతాయి. తయారీ తేదీ సంగతి మరీ ఘోరం. నల్లటి మ్యాట్ డబ్బా మీద నల్ల సిరాతో ముద్ర కొడితే ఏం కనబడుతుంది? లామినేషన్ మీద కొడితే నెయ్యి చేయి తగలగానే చెరిగిపోతుంది. ముద్ర కోసం అరచేతంత తెల్ల జాగా, పూత లేకుండా వదలమంటే "డిజైను పాడైపోతుంది" అన్నారట.

ఇప్పుడు డబ్బు. లెక్క కోసం పది రేకుల డబ్బా 250 రూపాయలకు అమ్ముతున్నాం అనుకుందాం. పన్ను పక్కన పెడదాం. కొట్టాయన వాటా 50 పోతే 200 మిగులుతుంది. బియ్యం, నెయ్యి, బెల్లం, పప్పులు, కూలీ కలిపి 120. రవాణా, విరిగి వెనక్కొచ్చినవీ కలిపి 30. చేతిలో 50. గురువుగారు చెప్పిన అయస్కాంతం మూత గట్టి డబ్బా 45 రూపాయలైతే, రేకు పోసిన చేతికి మిగిలేది అయిదు. అదే పన్నెండు రూపాయల మామూలు అట్ట డబ్బా అయితే ముప్ఫై ఎనిమిది. రెండు డబ్బాలకూ అరలో కనబడేది ఆ రెండంగుళాలే.

అక్కడితో అయిపోలేదు. ఖరీదైన డబ్బా వంద, రెండు వందలు కొట్టరు. అయిదు వేలు తీసుకోమంటే రెండు లక్షల పాతిక వేలు అట్టలో పడుకుంటాయి. నెలకు నాలుగొందలు అమ్మితే ఏడాది దాటినా అవే డబ్బాలు. ఈలోగా ధర మారుతుంది, చిరునామా మారుతుంది. అంతెందుకు, 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు ఆత్రేయపురం తూర్పు గోదావరి నుంచి కోనసీమలోకి వెళ్లింది. బంగారు రేకుతో పాత జిల్లా పేరు అచ్చేయించుకుని ఉన్నవాడు స్టిక్కర్లు అంటించుకోవాల్సిందే. మారని సంగతులు డబ్బా మీద, మారే సంగతులు స్టిక్కరు మీద అని ముందే విడగొట్టుకుంటే ఈ తిప్పలుండవు.

ఇంతా చేసి ఆ గట్టి డబ్బా రేకును కాపాడుతుందా? పూతరేకుకు ఇద్దరు శత్రువులు: తేమ, ఖాళీ జాగా. మన డెల్టా గాలి తగిలితే రేకు మెత్తబడి తోలులా సాగుతుంది. అయస్కాంతం మూత గాలిని ఆపదు. ఆపేది ఒక్కో రేకుకు వేసి సీలు చేసిన లోపలి కవరు. దాని సీలు సరిగ్గా పడిందో లేదో నీళ్లలో ముంచి నొక్కితే తెలుస్తుంది, బుడగ వస్తే లీకే. డబ్బా ఘనంగా కనబడాలని రేకుల కంటే అంగుళం పెద్దది చేయిస్తే, బస్సు ప్రతి గతుకులోనూ రేకులు గోడకు కొట్టుకుంటాయి. మూతకు కిటికీ పెడితే కొట్టు వెలుతురుకు నెయ్యి తొందరగా కమురు వాసన పడుతుంది. గురువుగారు కిటికీ కూడా పెట్టించారు.

కొత్తగా బ్రాండు పెట్టేవాళ్లకు నా మాట ఇదండి: అట్ట డబ్బా రేకులకు సరిగ్గా పట్టేలా కోయించండి, పేరు అంచుల మీద వేయించండి, మిగిలిన రూపాయి లోపలి కవరు మీద పెట్టండి. నమూనా పెట్టె ఒకటి బస్సులో హైదరాబాదు పంపి, వెనక్కి తెప్పించి, మూత తీసి చూసేదాకా గురువుగారి బిల్లు కట్టొద్దు.