పన్ను వాచిందంటే ముందు చీము సంగతి చూడండ్రా

మా రోజుల్లో పన్ను వాచిన మనిషి వస్తే కుర్చీలో కూర్చోబెట్టి నోరు తెరిపించేవాళ్ళం. ఇప్పుడు మీరు నిలబడే చీటీ రాసేస్తున్నారు. "ఐదు రోజులు ఈ యాంటీబయాటిక్ వాడండి, వాపు తగ్గాక చూద్దాం" అట! కారణం లోపలే ఉండగా, తగ్గాక చూసేదేముందర్రా?

ఫార్మకాలజీ మాకు రెండో ఏడాదిలో ఉండేది. మా మాస్టారు నల్లబల్ల మీద పన్ను బొమ్మ గీసి, "మందు రక్తంలోనే కదా ప్రయాణం చేసేది, రక్తం పోని చోటికి అదెలా పోతుంది?" అని అడిగేవారు. చచ్చిపోయిన పల్ప్‌లో రక్తనాళం ఉండదు. చీము గడ్డ లోపలికి మందు సరిగా చేరదు. ఎన్ని మాత్రలు మింగించినా సూక్ష్మజీవులు కూర్చున్న గూడు అలాగే ఉంటుంది. ముల్లు తీయకుండా కాలికి పసుపు పూసినట్టు!

మొన్న ఒక ఆటో నడిపే కుర్రాడు వచ్చాడు. కింద ఎడమవైపు మొదటి దవడ పన్ను. ఎవరో రాసిచ్చిన ఒఫ్లాక్సాసిన్, ఆర్నిడజోల్ కలిసిన మాత్రలు స్ట్రిప్పుకు స్ట్రిప్పు అయిపోయాయి, రాత్రి నిద్ర లేదు. ఆ జోడీ పంటి చీముకు మొదటి మందు కాదని ఏ పాఠ్యపుస్తకం తెరిచినా తెలుస్తుంది. పన్ను మీద తట్టితే ఎగిరిపడ్డాడు. చిగురు పక్కన మెత్తగా, వేలికి కదిలే వాపు. జ్వరం లేదు, దవడ కింద బిళ్ళ కట్టలేదు, నోరు మూడు వేళ్ళు పట్టేంత తెరుచుకుంటోంది. అంటే చీము అక్కడికక్కడే ఉంది, ఒళ్ళంతా పాకలేదు.

వాపులోకి సూది పొడవలేదు. చీము ఉన్నచోట ఆమ్లం ఎక్కువ, అక్కడ లిగ్నోకైన్ నరంలోకి సరిగా దూరదు. అందుకే దూరంగా, నరం దవడ ఎముకలోకి దిగే చోట బ్లాక్ ఇచ్చాను. పన్ను తెరిచాను, చీము బయటికొచ్చింది. కుర్చీలోంచి లేవకముందే కుర్రాడి ముఖం తేటపడింది. చీటీలో యాంటీబయాటిక్ రాయలేదు.

నొప్పికి రాసింది ఐబుప్రొఫెన్ 400 మిల్లీగ్రాములు, దాంతోపాటు పారాసిటమాల్ 500. అన్నం తిన్నాక, తిమ్మిరి వదలకముందే మొదటి మోతాదు, తర్వాత అవసరాన్ని బట్టి ఆరు నుంచి ఎనిమిది గంటలకోసారి. రెండూ వేర్వేరు దారుల్లో పనిచేస్తాయి కనుక కలిస్తే బలం ఎక్కువ. రాసేముందు కడుపులో పుండు, కిడ్నీ జబ్బు, నొప్పి మాత్రలకు ఆయాసం, రక్తం పలచబడే మందులు, ఇవన్నీ అడిగాను. ఏ ఒక్కటున్నా ఐబుప్రొఫెన్ మానేసి పారాసిటమాల్ ఒక్కటే ఇవ్వాలి. ఆడమనిషైతే గర్భం సంగతి కూడా అడగండి. ఇంట్లో జలుబు మాత్రల్లోనూ పారాసిటమాల్ ఉంటుంది, అన్నీ కలిపి రోజుకు నాలుగు గ్రాములు దాటకూడదు. తాగేవాడికి అంతకన్నా తక్కువే. ఇంత అడగడానికి మీకు తీరిక ఉండదు, సెల్‌ఫోన్ చూడ్డానికి మాత్రం ఉంటుంది!

మరి యాంటీబయాటిక్ ఎప్పుడంటారా? జ్వరమొచ్చి, నీరసించి, బిళ్ళలు కట్టి, వాపు బుగ్గ దాటి పాకుతుంటే. అప్పుడు కూడా చీము తీయడంతోపాటే, దానికి బదులుగా కాదు. అమాక్సిసిలిన్ 500, రోజుకు మూడుసార్లు. పెన్సిలిన్ పడదన్నవాణ్ణి ఏమైందో విడమరిచి అడగండి. ఒట్టి వాంతి అలర్జీ కాదు. దద్దుర్లు లేచి, గొంతు వాచి, ఊపిరాడక పోయుంటే మాత్రం దాని జోలికి పోకుండా అజిత్రోమైసిన్ లాంటిది చూసుకోవాలి. అమాక్సిసిలిన్‌కు లొంగకపోతే మెట్రోనిడజోల్ కలుపుతాం, మందు తాగొద్దని గట్టిగా చెప్పి.

ఈ ఒక్క విషయంలో మీ కాలమే నయమని ఒప్పుకోక తప్పదు. మా రోజుల్లో బాగున్నా సరే కోర్సు పూర్తి చేయాల్సిందే అనేవాళ్ళు. ఇప్పుడు మూడో రోజున పిలిచి చూసి, జ్వరం, వాపు తగ్గి ఒక రోజు గడిస్తే ఆపేయమంటున్నారు. మంచి మాట. కానీ మూడో రోజున పిలిచేవాళ్ళెందరు నాయనా?

ఇంకొకటి. నోరు తెరుచుకోక, మింగలేక, మాట ముద్దగా వచ్చి, నాలుక కింద భాగం పైకి లేచిందంటే అది లుడ్విగ్స్ ఆంజైనా కావచ్చు. ఊపిరి దారి మూసుకుపోతుంది. అప్పుడు చీటీ రాస్తూ కూర్చోకుండా పెద్దాసుపత్రికి వెంటనే పంపండి, ముందుగా మీరే ఫోన్ చేసి చెప్పి మరీ.