మా ఇంట్లో గురుదశ, నా కొట్లో బుధదశ

మా ఇంట్లో బుధవారం పెసరపప్పు, గురువారం శనగ గుగ్గిళ్లు. ఏర్పాటు నాది, వంట మా ఆవిడది. నరసరావుపేటలో ఎరువుల కొట్టు పెట్టుకున్నవాడికి జాతకాల పిచ్చి ఏమిటని అడగొద్దు. మా బజారులో వాన కోసమూ, మిర్చి ధర కోసమూ ఆకాశంకేసి చూడనివాడు లేడు. నేను ఇంకాస్త పైకి చూశాను, అంతే.

గురువుకు పదహారేళ్లు, బుధుడికి పదిహేడేళ్లు. గురుదశలో బుధుడి అంతర్దశ ఎంతంటే కాగితం అక్కర్లేకుండా చెప్పేస్తాను. పదహారు పదిహేడ్లు 272. చివరి అంకెను మూడుతో గుణిస్తే రోజులు, మిగిలిన 27 నెలలు. అంటే రెండేళ్ల మూడు నెలల ఆరు రోజులు. ఈ కిటుకు తెలిసిన రోజు నుంచి బంధువుల పెళ్లిళ్లలో నా చుట్టూ జనం. యూరియా రేటు అడిగేవాళ్లకంటే వీళ్లే ఎక్కువ.

ముందు నా సంగతి. నాది విశాఖ నాలుగో పాదం, చంద్రుడు నీచలో ఉన్నాడు. ఆయన్ను చూసి జాలిపడేవాళ్లు చాలామంది ఉన్నారు కాబట్టి వదిలేద్దాం. పుట్టేటప్పటికి గురుదశ శేషం మూడున్నరేళ్లు, ఆపైన శనికి పందొమ్మిది. ఇరవై రెండున్నరేళ్లకు బుధదశ వచ్చింది. నాది ధనుర్లగ్నం, పదో ఇల్లు కన్య. బుధుడు అక్కడే, స్వక్షేత్రంలో, పైగా ఉచ్చలో. వ్యాపారకారకుడు వృత్తిస్థానంలో అలా ఉంటే ఇక ఆగేదేముంది? కొట్టు తెరిచాను. ఒక్కడి పెట్టుబడి చాలదని దూరపు బంధువును భాగస్వామిని చేసుకున్నాను.

నేను చదవనిది ఏడో ఇల్లు. ధనుర్లగ్నానికి ఏడోదైన మిథునమూ బుధుడిదే. ఏడంటే పెళ్లామే కాదు, భాగస్వామి కూడా. ద్విస్వభావ లగ్నాలకు ఏడో అధిపతి బాధకుడంటారు. శుభగ్రహం కేంద్రాలకు అధిపతైతే శుభం తగ్గుతుందని మరో లెక్క కూడా ఉంది. ఇవన్నీ నా పుస్తకంలో ఉన్నాయి, ఆ పేజీ మడిచి కూడా ఉంది. భాగస్వామి మూడో సీజనుకు అప్పుల ఖాతా నాకు, వసూలైన డబ్బు తనకు అని పంచుకుని వెళ్లిపోయాడు. బుధుడు చెప్పినట్టే జరిగింది. నేను సగమే విన్నాను.

మిథున, కన్యా లగ్నాలవాళ్లకు ఇదే తిప్పలు గురువుతో. గురుదశ అనగానే ఊరంతా మంచిరోజులొచ్చాయంటారు. ఆ లగ్నాలకు మాత్రం ఆయనే కేంద్రాధిపతి, ఆయనే బాధకుడు. మా అమ్మాయిది మిథున లగ్నం.

స్వాతి మొదటి పాదంలో పుట్టింది. రాహుదశ శేషం పదిహేనేళ్లు, ఆపైన గురుదశ. గురువు మేషంలో ఉండి అటు ఐదో ఇంటిని, ఇటు తన ఏడో ఇంటిని చూస్తున్నాడు. సంతానమూ పెళ్లీ రెండూ ఆయన చేతిలోనే. పదిహేనో ఏట గురువులో గురువు రాగానే టీచరు ఉద్యోగమన్నాను. కోటప్పకొండ తీసుకెళ్లి దక్షిణామూర్తి రూపంగా కొలిచే త్రికోటేశ్వరుడికి దణ్ణం పెట్టించాను. అది ఎంపీసీ తీసుకుంది. పంతొమ్మిదేళ్ల ఎనిమిది నెలలకు గురువులో బుధుడు. మిథునానికి బుధుడు లగ్నానికీ, చదువుల నాలుగో ఇంటికీ అధిపతి. ఆ రెండేళ్లలో అది అమీర్‌పేటలో కోర్సు చేసి ఉద్యోగం కొట్టింది. ‘చూశావా బుధుణ్ణి’ అన్నాను. ‘పొద్దున్నే ఐదింటికి లేచి బస్సెక్కింది నేను నాన్నా’ అంది.

అసలు పరీక్ష పెళ్లి. గురువులో శుక్రుడు రెండేళ్ల ఎనిమిది నెలలు, అమ్మాయికి ఇరవై రెండేళ్ల పది నెలలప్పుడు మొదలై ఇరవై ఐదున్నరకు ముగుస్తుంది. పెళ్లి అందులోనే అని చుట్టాలందరికీ చెప్పేశాను. మాచర్ల సంబంధం వచ్చింది, పోయింది. గుంటూరు సంబంధం వచ్చింది, కాఫీ తాగి పోయింది. శుక్రుడూ వెళ్లిపోయాడు. తర్వాత వచ్చిన రవి మిథునానికి మూడో ఇంటి అధిపతి, అంటే సొంత సాహసం. ఇరవై ఐదేళ్ల ఎనిమిదో నెలలో, తనతో పనిచేసే గురజాల అబ్బాయిని అమ్మాయే చూపించింది. పెళ్లి చేశాం.

నేను రవిని ఒప్పుకుంటే సరిపోయేది. ఒప్పుకోలేదు. ఒక నక్షత్రాన్ని దాటడానికి చంద్రుడికి సుమారు ఒక రోజు పడుతుంది, ఆ ఒక్క రోజులో రాహువు పద్దెనిమిదేళ్లూ ఇమిడి ఉంటాయి. కాబట్టి పుట్టిన వేళలో గంట తేడా అంటే దశలో తొమ్మిది నెలలు, పావుగంట అంటే రెండు నెలల పైచిలుకు. ముందు పుడితే శేషం పెరుగుతుంది, దశలు ఆలస్యమవుతాయి. ఆసుపత్రి చీటీలో 7.15 ఉంది. దాన్ని ఏడు చేశానంటే పెళ్లి శుక్రుడి అంతర్దశలోనే పడుతుంది. పడింది కూడా. ఆ రాత్రి భోజనాల దగ్గర ప్రకటించాను.

మా ఆవిడ అన్నం వడ్డిస్తూనే, ‘ఏందండీ ఆ లెక్క? ఏడింటికి నన్నింకా లేబరు గదిలోకే తీసుకుపోలా’ అంది.

అత్తగారికి గుర్తున్నదేమో ఎనిమిదింబావు. అలా చూస్తే శుక్రుడు మరీ ముందే, అమ్మాయికి ఇరవై నాలుగేళ్ల తొమ్మిది నెలలకే దిగిపోవాలి. అత్తగారిని నేను పరిగణించలేదు. ఈ మాట మీలోనే ఉంచుకోండి.

ఇంకో మార్గం కూడా ఉంది. లాహిరి అయనాంశకూ, బి.వి. రామన్ గారి అయనాంశకూ దాదాపు డిగ్రీన్నర తేడా. పదమూడు డిగ్రీల ఇరవై నిమిషాల నక్షత్రంలో అది రాహువుకు సుమారు రెండేళ్లు. ఒకదాంతో జరగనిది రెండోదాంతో జరిగి తీరుతుంది. సత్తెనపల్లి వైపు ఒక పెద్దాయనకు నా కాగితాలు చూపించాను. ఆయన పద్ధతి వేరు. జరిగిపోయిన మూడు సంగతులు తీసుకుని, వేళనూ అయనాంశనూ ముట్టుకోకుండా దశలో సరిపోతాయా లేదా చూస్తారు. సరిపోకపోతే జరగబోయేది చెప్పరు. నేను ప్రతి సంగతికీ వేళ మారుస్తాను కాబట్టి నావన్నీ సరిపోతాయని వివరించాను. ‘అయితే మీ అమ్మాయి ఇప్పటికి ఎన్నిసార్లు పుట్టిందండీ?’ అని అడిగారు.

ఇప్పుడు అమ్మాయికి ఏడో నెల. గురువు ఐదో ఇంటిని చూస్తున్నాడు కదా అని నేనొక మాట అనబోతే, దూరం నుంచే చెయ్యి అడ్డం పెట్టింది. ఈసారి వేళ దగ్గర పొరపాటు జరగకూడదని మంచి గడియారం కొన్నాను. తొలి ఏడుపా, బొడ్డు కోసినప్పుడా, ఏది లెక్క అన్నది కూడా డాక్టరమ్మను ముందే అడిగి పెట్టుకోవాలి. ఆ గడియారాన్ని మా ఆవిడ అల్లుడి చేతికి కట్టింది.

‘టైము అబ్బాయి రాస్తాడులే. మీరు ఫ్లాస్కు పట్టుకుని బయట కూర్చోండి’ అంది.