మెయిల్ బాగుంది

విజయవాడలో మాది చిన్న డీటీపీ ఆఫీసు. ఒక విత్తనాల కంపెనీకి 32 పేజీల కేటలాగ్ శుక్రవారం సాయంత్రం 5 కల్లా ఇస్తామని ఒప్పుకున్నాం. ధరల పట్టికలే చాలా పని పెట్టాయి. బుధవారం మధ్యాహ్నానికే లెక్క తేలిపోయింది, 12 పేజీలు మిగిలిపోతాయని. అయినా రాత్రుళ్ళు కూర్చుంటే అయిపోదా అనుకున్నాను. కాలేదు.

శుక్రవారం 5 దాటాక మెయిల్ రాయడానికి కూర్చున్నాను. మొదటి ప్రతిలో ‘క్షమించండి’ ఐదుసార్లు వచ్చింది. మా పెద్దాయన చదివి, ‘‘ఇది చదివినాయన నిన్ను ఓదార్చాలా, తన పని చూసుకోవాలా? కేటలాగ్ ఎప్పుడొస్తుందో ఆరో లైను దాకా లేదు’’ అన్నారు.

రెండో ప్రతిలో ‘మీరు ధరలు మార్చి సోమవారం పంపారు’ అని రాశాను. అది నిజమే. ‘‘సోమవారం అవి తీసుకుని, శుక్రవారానికి సరేనన్నది ఎవరు?’’ అని అడిగారాయన. నేనే. ఆ వాక్యం కొట్టేశాను.

మిగతా పేజీలు రేపు మధ్యాహ్నం 12 కల్లా అవుతాయని ఆపరేటర్ చెప్పాడు. పెద్దాయన 4 అని రాయించారు. ‘‘మొదటి మాట తప్పితే ఆలస్యం అంటారు. రెండోది కూడా తప్పితే ఇంకేమీ నమ్మరు.’’

చివరికి మెయిల్ ఇలా తయారైంది:

‘నమస్కారమండీ. ఈరోజు 5 గంటలకు ఇస్తామన్న కేటలాగ్ ఇవ్వలేకపోయాం, క్షమించండి. పట్టికల పనిని మేం తక్కువగా అంచనా వేశాం. పూర్తయిన 20 పేజీలు దీంతో పంపుతున్నాం, ఈలోగా ప్రూఫ్ చూసుకోవచ్చు. మిగతా 12 పేజీలు రేపు సాయంత్రం 4 కల్లా అందుతాయి. ఇకమీదట పట్టికల పేజీలే ముందు పూర్తిచేస్తాం.’

ఒకే ఒక్క క్షమాపణ. తప్పు మాదేనని ఒక వాక్యం. తక్కినదంతా చదివేవాళ్ళకు పనికొచ్చే సమాచారం. 7 గంటలకు పంపాను.

పది నిమిషాల్లో కంపెనీ ఆయన నుంచి ఫోన్ వచ్చింది. ఆయన గొంతులో కోపం లేదు.

‘‘మెయిల్ బాగుందండీ. సాకులు లేవు. ఒక్కటే అడుగుతాను. ఇవాళ్టికి కాదని మీకు ఎప్పుడు తెలిసింది?’’

అబద్ధం చెప్పలేకపోయాను. ‘‘బుధవారం మధ్యాహ్నం.’’

కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత మెల్లగా అన్నారు:

‘‘గురువారం దాకా ప్రెస్సులో మా వంతు మార్చుకునే వీలుండేది. రేపు ఉదయం మెషిన్ మా కోసం ఖాళీగా ఉంటుంది. దాని డబ్బు మేం కట్టాలి. మళ్ళీ వంతు వచ్చేది వచ్చే గురువారం. మా డీలర్ల మీటింగు మంగళవారం.’’

కేటలాగ్ ఆలస్యమైంది ఒక్క రోజు. రెండు గంటలు కూర్చుని దిద్దిన ఆ క్షమాపణ మాత్రం రెండు రోజులు ఆలస్యంగా వెళ్ళింది.