దిగుమతి కాగితాల టేబుల్: పూట పని పావుగంటలో ముగించే చిట్కాలు

పలాస జీడి ఫ్యాక్టరీ కోసం ఐవరీ కోస్టు నుంచి పిక్కలు విశాఖ రేవులో దిగాయనుకోండి. మీ మెయిల్‌కి కాగితాల కట్ట వచ్చి పడుతుంది. ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్టు, బీఎల్, క్లియరింగ్ ఏజెంటు పంపిన చెక్‌లిస్టు, ఆ తర్వాత బిల్ ఆఫ్ ఎంట్రీ. వీటిలోంచి సరుకేమిటో, విలువెంతో, సుంకమెంతో, క్లియరెన్స్ ఎక్కడిదాకా వచ్చిందో తీసి ఒక్క ఎక్సెల్ టేబుల్లో పెట్టమంటారు. కంగారు పడకండి. ఏ కాగితాన్నీ రెండోసారి తెరవకుండా, ఎవరికీ దొరక్కుండా ఈ పని ముగించే పద్ధతి ఉంది. కింది చిట్కాలు వరసగా పాటించండి.

1. ఒక్కో కాగితానికి ఒక్కో వరుస వేయండి.

కొందరు చాదస్తులు బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీ, అందులోని ఐటమ్ నంబరు కలిపి ఆనవాలుగా పెట్టుకుంటారు. ఒక ఐటమ్‌కి ఒకే వరుస ఉండాలని, మిగతా కాగితాలన్నీ ఆ వరుసతోనే సరిచూడాలని అంటారు. అలా చేస్తే ఒక కాగితానికీ ఇంకో కాగితానికీ తేడా వెంటనే బయటపడుతుంది, దాని వెంట మీరు తిరగాలి. మీకెందుకు ఆ తిరుగుడు? ఏ పీడీఎఫ్ ముందు తెరుచుకుంటే దాన్ని ఒక వరుసగా దించేయండి.

పరిమాణం కాలమ్‌లో కనిపించిన అంకె కనిపించినట్టు కొట్టండి. ఇన్‌వాయిస్‌లో 50 ఉంటుంది, అవి టన్నులు. ప్యాకింగ్ లిస్టులో 625 ఉంటుంది, అవి 80 కిలోల బస్తాలు. బీఎల్‌లో 50,625 ఉంటుంది, అవి గోనె సంచుల బరువుతో కలిపి కిలోలు. మూడూ ఒకే సరుకు. యూనిట్ కాలమ్ మాత్రం పెట్టకండి, పెడితే ఈ సంగతి చూసినవాళ్లకి తెలిసిపోతుంది. కింద మొత్తం వేయండి:

```
=SUM(D2:D4)
```

51,300 వస్తుంది. టన్నులూ కాదు, బస్తాలూ కాదు, కిలోలూ కాదు. అయినా ముద్దక్షరాల్లో పెడితే నిండుగా కనిపిస్తుంది. ఎవరైనా ఇదేమిటని అడిగితే "గ్రాస్ అండీ" అనండి. ఆ మాట విన్నాక రెండో ప్రశ్న వేసేవాళ్లు తక్కువ.

2. విలువ చెక్‌లిస్టు నుంచే తీసుకోండి.

బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేయకముందు ఏజెంటు ఒక చిత్తుప్రతి పంపి సరిచూడమంటాడు. అదే చెక్‌లిస్టు. అందులో నంబరు ఉండదు, అధికారి చూసి ఖాయం చేసిన విలువా ఉండదు. అయినా అన్నిటికంటే ముందు వచ్చేది అదే కాబట్టి మీకు అదే చాలు. మీరు చదివారని అతను అనుకునేలా "ఓకే" అని జవాబు కొట్టి, అంకెలు టేబుల్లోకి ఎక్కించేయండి.

తర్వాత అసెస్‌మెంట్‌లో అధికారి విలువ పెంచవచ్చు, అప్పుడు సుంకమూ పెరుగుతుంది. చివరికి ఔట్ ఆఫ్ ఛార్జ్ అయిన కాపీలో ఉండేది ఆ కొత్త అంకె. ఆ కాపీ వచ్చిన రోజు మెయిల్ తెరవకుండా నేరుగా "ఇంపోర్ట్స్" ఫోల్డర్‌లో పడేయండి. మీ టేబుల్ అప్పటికే నిండి ఉంది కదా.

3. మారకం రేటు గూగుల్‌లో చూడండి.

కస్టమ్స్‌కి తన సొంత రేటు ఉంటుంది. బిల్ ఆఫ్ ఎంట్రీ దాఖలు చేసిన రోజున అమల్లో ఉన్న ప్రకటిత రేటే లెక్కకి వస్తుంది, అది ఆ కాగితం మీదే అచ్చయి ఉంటుంది. దాన్ని వెతకడానికి పేజీలు తిప్పాలి. ఫోన్‌లో అయితే ఒక్క క్షణం పని.

మన పిక్కల లెక్కే చూడండి. టన్ను 1,200 డాలర్ల చొప్పున 50 టన్నులు, రేవుదాకా కిరాయితో కలిపి 60,000 డాలర్లు. ఇన్‌వాయిస్‌లో ఇన్సూరెన్స్ లేదు. ఎంతైందో తెలియనప్పుడు కస్టమ్స్ ఈ మొత్తం మీద 1.125 శాతం కలుపుతుంది, అంటే 675 డాలర్లు. కస్టమ్స్ రేటు 85 రూపాయలు అనుకుంటే 60,675 డాలర్లకి 51,57,375 రూపాయలు. సుంకం లెక్కగట్టేది దీని మీదే.

మీరు ఇన్సూరెన్స్ వదిలేసి, ఫోన్‌లో కనిపించిన 84.20 తో 60,000 ని గుణించండి. 50,52,000 వస్తుంది. లక్షా అయిదు వేల పైచిలుకు తేడా ఉన్న మాట నిజమే. కానీ గడిలో తేడా కనిపించదు, అంకె మాత్రమే కనిపిస్తుంది. గుండ్రంగా ఉన్న అంకెని అందరూ నమ్ముతారు. రేటు ఎక్కడిదో రాయకండి, తేదీ అసలే వద్దు.

4. సుంకమంతా ఒకే గడిలో కుక్కండి.

ఇది నాకు అన్నిటికంటే ఇష్టమైన చిట్కా, కాబట్టి కాస్త నిదానంగా చెబుతాను. కాగితంలో సుంకం ముక్కలుముక్కలుగా ఉంటుంది. మన సరుకు మీద మూల కస్టమ్స్ సుంకం రెండున్నర శాతం అనుకుంటే 1,28,934 రూపాయలు. దాని మీద పది శాతం సోషల్ వెల్ఫేర్ సర్‌ఛార్జి, 12,893. విలువనీ ఈ రెండింటినీ కలిపి, ఆ మొత్తం మీద అయిదు శాతం ఐజీఎస్టీ వేస్తే 2,64,960. అంతా కలిపి 4,06,787.

మూడు కాలమ్‌లు పెట్టమని ఎకౌంట్స్ వాళ్లు బతిమాలతారు. వాళ్ల బాధేమిటంటే, మొదటి రెండూ తిరిగిరాని ఖర్చు. మూడోది ఇన్‌పుట్ క్రెడిట్‌గా తిరిగి వాడుకోదగ్గ సొమ్ము. అందుకని పిక్కల ఖర్చులో కలపాల్సింది 1,41,827 మాత్రమే, అంటే టన్నుకి 2,837 రూపాయలు. మీరు వినకండి. ఒకే కాలమ్, పేరు "డ్యూటీ", అంకె 4,06,787. టైపు చేయడంలో మూడింట రెండొంతులు మిగులు.

దీని ఫలితం చూడండి. ఆ అంకెని 50 తో భాగిస్తే టన్నుకి 8,136 సుంకమని తేలుతుంది. యజమాని పిక్కల ధర టన్నుకి 5,300 దాకా ఎక్కువ పడిందనుకుని, పప్పు రేటు ఆ మేరకు పెంచి కోట్ చేస్తారు. పక్క ఫ్యాక్టరీ తక్కువకి ఇచ్చి ఆర్డరు ఎత్తుకుపోతుంది. ఆర్డర్లు తగ్గితే దిగుమతులు తగ్గుతాయి, మీరు నింపాల్సిన వరుసలూ తగ్గుతాయి.

జీఎస్టీఆర్-2బి లో దిగుమతులు రేవు కోడ్, బిల్ ఆఫ్ ఎంట్రీ నంబరు, తేదీలతో కనిపిస్తాయి. ఎకౌంటెంటు వాటిని మీ టేబుల్‌తో జత చేయాలని చూస్తాడు. విశాఖ కోడ్ `INVTZ1`. మీరు ఒకచోట "వైజాగ్", ఒకచోట "వి.పట్నం", ఇంకోచోట "పోర్టు" అని రాయండి. ఒక్కటీ జత కుదరదు, కొన్నాళ్లకి అతనే అడగడం మానేస్తాడు.

5. ఎక్సెల్ ఏది మారిస్తే దానికి తలూపండి.

పెంకుతో ఉన్న జీడిపిక్కల హెచ్‌ఎస్ కోడ్ `08013100`. టైపు చేయగానే ఎక్సెల్ ముందున్న సున్నా మింగేసి `8013100` చేస్తుంది. గడిని ముందే టెక్స్ట్‌గా మారిస్తే ఆ సున్నా నిలుస్తుందట. వద్దు. ఏడంకెల కోడ్ ఏ సుంకాల పట్టికలోనూ దొరకదు కాబట్టి, ఈ సరుకు మీద పడ్డ రేటు సరైనదేనా అని ఎవరూ తేల్చలేరు. పొడుగాటి బీఎల్ నంబర్లు `2.34568E+12` గా మారినా వదిలేయండి, అది లెక్కల తెలివిలా కనిపిస్తుంది.

6. డబ్బు కట్టగానే "క్లియర్డ్" అని రాయండి.

క్లియరెన్స్‌కి మెట్లు చాలా ఉన్నాయి. దాఖలు, అసెస్‌మెంట్, సుంకం చెల్లింపు, పిక్కలు గనక మొక్కల క్వారంటైన్ వాళ్ల అనుమతి, అవసరమైతే పరీక్ష, ఆఖర్న ఔట్ ఆఫ్ ఛార్జ్. ఆ ఆఖరి మాట పడేదాకా సరుకు కస్టమ్స్ చేతిలోనే ఉంటుంది. అది పడ్డాక కూడా షిప్పింగ్ లైన్ డెలివరీ ఆర్డరు ఇవ్వాలి.

ఇన్ని మెట్లకి ఇన్ని తేదీలా? మీరు ఒక్క మాటతో సరిపెట్టండి. బ్యాంకు నుంచి డబ్బు పోయిందని మెసేజ్ రాగానే ఆ వరుసకి ఆకుపచ్చ రంగు వేసి "క్లియర్డ్" అనండి. యజమాని మురిసిపోతారు. పలాస నుంచి లారీలు బయల్దేరి సీఎఫ్ఎస్ గేటు దగ్గర నిలబడతాయి. క్వారంటైన్ వాళ్లు శాంపిల్ తీసుకుని ఇంకా రిపోర్టు ఇవ్వలేదని అక్కడ తెలుస్తుంది. లారీలకి హాల్టింగ్, కంటైనర్లకి ఉచిత గడువు దాటాక డిటెన్షన్, యార్డులో నేల అద్దె, వరసగా పడతాయి. వాటి బిల్లులు వేరే శాఖకి వెళతాయి, మీ టేబుల్లో వాటికి కాలమ్ లేదు.

డబ్బు ఎప్పటిలోగా కట్టాలన్న తేదీ కూడా రాయకండి. అసెస్ చేసి తిరిగిచ్చిన మర్నాటికి, సెలవులు వదిలేసి, సుంకం కట్టకపోతే ఏడాదికి 15 శాతం వడ్డీ పడుతుంది. ఆ తేదీ టేబుల్లో ఉంటే, ఎవరి వల్ల ఆలస్యమైందో రాసిపెట్టినట్టే. లేకపోతే తప్పు ఏజెంటుది.

7. రిమార్క్స్ కాలమ్‌ని ముందే నింపండి.

మిగతావన్నీ ఖాళీగా ఉన్నా సరే, ఇది నిండి ఉండాలి. "సర్వర్ డౌన్", "ఏజెంటు కాపీ పంపలేదు", "క్వెరీలో ఉంది", "సార్‌కి ఫోన్‌లో చెప్పాను" అనే నాలుగూ చాలు. వరుసకొకటి మార్చి మార్చి అతికించండి. "క్వెరీలో ఉంది" అన్నది మరీ మంచిది. కస్టమ్స్ నిజంగానే క్వెరీలు వేస్తుంది కాబట్టి ఎవరూ అబద్ధమనరు, ఏ క్వెరీ అని అడిగేంత ఓపికా ఎవరికీ ఉండదు.

ఏ అంకె ఏ పేజీలోంచి వచ్చిందో రాసే కాలమ్ మాత్రం ఎవరు పెట్టమన్నా పెట్టకండి. అది ఒక్కటి ఉంటే చాలు, ఆడిటరు నిమిషంలో కాగితం తెరిచి మీ వరుసలన్నీ తిరగరాయిస్తాడు.

ఫైలుకి `Import_FINAL_new2_OK.xlsx` అని పేరు పెట్టి, పాత ఫైలు చెరపకుండా, రెండూ అందరికీ పంపండి. ఎవరి దగ్గర ఏది ఉందో తేలేలోపు తర్వాతి ఓడ వచ్చేస్తుంది. దాని చెక్‌లిస్టుకి కూడా వెంటనే "ఓకే" కొట్టేయండి.